ముస్లిం 1907, 4692, 4927: ఒకే హదీసుకు మూడు నంబర్లా?

గుంటూరు చదువరి: "కర్మలు సంకల్పాలపైనే ఆధారపడి ఉంటాయి" అనే హదీసుకు ఒక చిన్న పుస్తకంలో "ముస్లిం 1907" అని, అంటే ఇమామ్ ముస్లిం హదీసు సంకలనంలో 1907వది అని ఉంది. ఇంకోదాంట్లో 4692, మూడోదాంట్లో 4927. ఇందులో ఏది సరైనది? మిగతా రెండూ తప్పేనా?

కడప భాయ్: 1907 అసలుది. అరబీలో ఇమామ్ ముస్లిం పెట్టుకున్న నంబరు అదే. ఇంగ్లీషులోకి అనువదించినవాళ్లు ఇష్టమొచ్చినట్టు మార్చేశారు.

పాత పుస్తకాల మాస్టారు: భాయ్, సగం నిజం చెప్పారు. 1907 అరబీ ముద్రణలోదే కానీ, ఇమామ్ ముస్లిం పెట్టింది కాదు. ఆయన 875లో చనిపోయారు. ఆ కాలపు రాతప్రతుల్లో నంబర్లు ఉండేవి కావు. ఇది 20వ శతాబ్దంలో ఈజిప్టుకు చెందిన ముహమ్మద్ ఫుఆద్ అబ్దుల్ బాఖీ వేసిన లెక్క.

తేడా ఎక్కడ వస్తుందో ఈ హదీసులోనే చూడండి. ఇమామ్ ముస్లిం ముందు ఇమామ్ మాలిక్ మీదుగా వచ్చిన కథనాన్ని పూర్తిగా ఇస్తారు. దాని వెంటనే, అదే మాట వేరేవాళ్ల ద్వారా కూడా వచ్చిందని ఆ ఉల్లేఖకుల వరుసలు చెబుతారు. మాట ఒకటే కాబట్టి అబ్దుల్ బాఖీ వీటన్నిటినీ 1907 కిందే ఉంచారు. అబ్దుల్ హమీద్ సిద్దీఖీ ఇంగ్లీషు అనువాదంలో మొదటిది 4692, తరవాతివి 4693. దారుస్సలామ్ ముద్రణలో 4927, 4928. అంటే వరుస మారితే కొత్త నంబరు. పుస్తకం మొదటి నుంచీ ఇలా లెక్కపెడుతూ వస్తే, ఇక్కడికి చేరేసరికి దాదాపు మూడు వేల తేడా వచ్చేసింది. మూడూ సరైనవే.

గుంటూరు చదువరి: అయితే చిన్న నంబరున్న హదీసుకు ప్రామాణికత ఎక్కువా? ఇమామ్ బుఖారీ సంకలనంలో ఇది 1వ నంబరు కదా, అందుకని అడుగుతున్నాను.

పాత పుస్తకాల మాస్టారు: లేదమ్మా, నంబరుకూ బలానికీ సంబంధం లేదు. బుఖారీలో ఇదే హదీసు 1, 54, 2529, 3898, 5070, 6689, 6953 దగ్గర, ఏడు చోట్ల వస్తుంది. ఇమామ్ ముస్లిం ఒక హదీసు రూపాలన్నీ ఒకచోట పేరుస్తారు. ఇమామ్ బుఖారీ విషయాన్నిబట్టి విడదీస్తారు: విశ్వాసం, బానిస విముక్తి, వలస, నికాహ్, ప్రమాణాలు... ఎక్కడ అవసరమైతే అక్కడ మళ్లీ ఇస్తారు. మాటలు కూడా అన్నిచోట్లా ఒకేలా ఉండవు. "ఎవరి వలస అల్లాహ్ కోసం, ఆయన ప్రవక్త కోసమో" అనే భాగం 1లో లేదు, 54లో ఉంది. మొత్తం హదీసు రాసి కింద "బుఖారీ 1" అని వేస్తే, తెరిచి చూసినవాళ్లకు ఆ భాగం కనిపించదు.

నంద్యాల అమ్మ: మా అబ్బాయికి ఇక్కడ ఒక క్విజ్‌లో మార్కు పోయింది. వాడు చదివిన పుస్తకంలో బుఖారీ సంపుటం 1, పుస్తకం 2, నంబరు 51 అని ఉంది, అదే రాశాడు. వాళ్ల జవాబు 54. పిల్లాడు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఎవరికి చెప్పుకోవాలి?

పాత పుస్తకాల మాస్టారు: మీ అబ్బాయి తప్పు రాయలేదమ్మా. అది ముహ్సిన్ ఖాన్ తొమ్మిది సంపుటాల ఇంగ్లీషు అనువాదపు పాత లెక్క. అందులో 51, ఇప్పుడు ఎక్కువమంది వాడే లెక్కలో 54. ఆ అనువాదంలో ప్రతి సంపుటంలోనూ నంబర్లు మళ్లీ 1 నుంచి మొదలవుతాయి, కాబట్టి సంపుటం చెప్పకుండా 51 అంటే ఎవరికీ దొరకదు. పుస్తకం తీసుకెళ్లి క్విజ్ పెట్టినవాళ్లకే చూపించండి.

కడప భాయ్: ఇంత గందరగోళం ఎందుకు? నంబర్లు మానేసి అధ్యాయం పేరు రాస్తే సరిపోతుంది. పెద్దలు అలాగే చెప్పేవారు.

పాత పుస్తకాల మాస్టారు: బుఖారీ విషయంలో ఒప్పుకుంటాను, శీర్షికలు ఆయనే పెట్టుకున్నారు. ముస్లింలో మనం చూసే శీర్షికలు మాత్రం ఎక్కువగా 13వ శతాబ్దపు ఇమామ్ నవవీవి. పెద్ద భాగాల లెక్క కూడా మారుతుంది. ఈ హదీసున్న కితాబుల్ ఇమారా అబ్దుల్ బాఖీ దాంట్లో 33వది, సిద్దీఖీ దాంట్లో 20వది.

గుర్తుపట్టడానికి ఒక చిట్కా చెబుతాను. అబ్దుల్ బాఖీ లెక్కలో ముస్లిం 3033తో ముగుస్తుంది. దానికి మించిన నంబరు కనిపిస్తే అది వేరే లెక్క అని వెంటనే తెలుస్తుంది. 3033 లోపున్నది ఏ లెక్కదో నంబరు చూసి చెప్పలేం. అప్పుడు ఉల్లేఖించిన సహాబీ పేరు, మొదటి మాటలు పెట్టుకుని వెతకాలి. ఈ హదీసుకైతే హజ్రత్ ఉమర్ (ర).

కడప భాయ్: అయితే పుస్తకాలు వేసేవాళ్లు "ముస్లిం 1907, అబ్దుల్ బాఖీ లెక్క" అని రాయాలి. ఒక్క ముక్క ఎక్కువ, అంతే.

గుంటూరు చదువరి: నా దగ్గరున్న మూడు పుస్తకాల్లోనూ ఆ ముక్క లేదన్నా. మూడోదాంట్లో ముస్లిం 2564 అని ఇంకో హదీసు ఉంది, అది ఏ లెక్క?

పాత పుస్తకాల మాస్టారు: మొదటి వాక్యం, ఎవరు ఉల్లేఖించారో ఇక్కడ రాయండమ్మా, చూస్తాను.