మా హోటల్ మీద ఫేక్ వీడియో తిరుగుతున్నది, ఇప్పుడే అందరికి చెప్పాల్నా, ఆగాల్నా?

హన్మకొండ నయీంనగర్ దిక్కు మా అన్నకు చిన్న బిర్యానీ హోటల్ ఉన్నది. నిన్న రాత్రి నుంచి కాలనీ వాట్సాప్ గ్రూపులల్ల ఒక వీడియో తిరుగుతున్నది, ఫ్రీజర్‌ల పాడైన మటన్, కింద మా హోటల్ పేరు రాసిన్రు. అది మా కిచెన్ కానే కాదు, అండ్ల గోడకు నీలం టైల్స్ ఉన్నయి, మాయి తెల్లయి, పైగా మా దగ్గర డీప్ ఫ్రీజరే లేదు, పొద్దున తెచ్చిన మటన్ రాత్రికి అయిపోతది.

అన్న ఇప్పుడే ఇన్‌స్టాల వీడియో పెడ్తా అంటున్నడు. నాకేమో భయం, అక్కడ మమ్మల్ని ఫాలో అయ్యేటోళ్లల్ల చానామందికి ఈ ముచ్చటే తెల్వదు, మనమే చెప్పినట్టయితది. అందుకే ముందుగాల ఆ గ్రూపులల్లనే ఇయ్యాల తేదీతోని కిచెన్ వీడియో, మటన్ బిల్లులు పెడ్దామంటున్న. వదినేమో ఫుడ్ ఇన్‌స్పెక్టర్‌కు శాంపిల్ ఇచ్చి రిపోర్ట్ వచ్చినంకనే మాట్లాడుదాం అంటది, కని దానికి 14 రోజుల దాక పట్టొచ్చు, అప్పటిదాక ఊకుంటే జనం నిజమే అనుకోరా? పొద్దున పెండ్లి ఆర్డర్ ఇచ్చినోళ్లు ఫోన్ చేసి అడగనే అడిగిన్రు.

హోటల్ నడిపేటోళ్లు జర చెప్పున్రి, గ్రూపులు దాటి ఓపెన్‌గ ఎప్పుడు పెట్టాలె, లోకల్ యూట్యూబ్ చానళ్లు ఎత్తుకున్నంకనా, అంతకుముందేనా? పెడితే ఆ ఫేక్ వీడియో కూడ చూపియ్యాల్నా, వద్దా?