వడ్డీ పెరిగింది: ఈఎంఐ పెంచాలా, గడువు సాగదీయాలా?

గాజువాక ఉద్యోగి: 30 లక్షల హోమ్ లోన్, 7 శాతం, 20 ఏళ్లు, ఈఎంఐ 23,259. రెండేళ్లు కట్టాక రేటు 9.5 అయింది. బ్యాంకు ఈఎంఐ ముట్టుకోలేదు, గడువు పెంచిందట. ఇలాగే వదిలేయొచ్చా?

మధురవాడ వాసి: వదిలేయండి బాబూ, ముందు ఇల్లు గడవాలి కదా. ఫ్లోటింగ్ లోన్‌కి ముందుగా కట్టినా పెనాల్టీ లేదు, బోనస్ వచ్చినప్పుడల్లా కొంత అసలులో వేస్తే గడువు దానంతటదే దిగుతుంది.

సీతమ్మధార: పెనాల్టీ సంగతి నిజమే, మిగతాది ఒప్పుకోను. ఇప్పుడు ఆయన బాకీ 28.52 లక్షలు ఉంటుంది, 9.5 శాతం లెక్కన దానికి ఒక్క నెల వడ్డీయే 22,579. అంటే కట్టే 23,259లో అసలుకి చేరేది 680 రూపాయలు! మిగిలిన 216 నెలలు కాస్తా 448 అవుతాయి, 37 ఏళ్లు పైనే. రేటు 9.8కి పోతే ఈఎంఐ వడ్డీకి కూడా చాలదు, కడుతున్నా బాకీ పెరుగుతుంది. స్టేట్‌మెంట్‌లో అసలు కింద ఎంత జమవుతోందో చూడండి, తెలిసిపోతుంది. అయినా బ్యాంకులు సాధారణంగా అంత దూరం సాగనివ్వవు, వయసు పరిమితి అడ్డం రాగానే ఈఎంఐ పెంచేస్తాయి.

పెందుర్తి అక్క: మాది వేరే గొడవ. మేం 2 లక్షలు ముందుగా కట్టాం, గడువు తగ్గుతుందనుకుంటే బ్యాంకు ఈఎంఐ తగ్గించింది. దీనికేం చెయ్యాలి?

సీతమ్మధార: అక్కా, కట్టేటప్పుడే 'గడువు తగ్గించండి' అని రాసివ్వాలి. ఇప్పుడైనా పాత ఈఎంఐకే పెట్టమని లెటర్ ఇవ్వండి. మధురవాడ గారూ, మీరు చెప్పిన బోనస్ దారిలో ఈఎంఐ పెంచకుండా పాత గడువులోనే తీరాలంటే ఇప్పుడే దాదాపు 4.49 లక్షలు వెయ్యాలి. ఆ బోనస్ ఎవరికొస్తుంది?

మధురవాడ వాసి: సరే, మరి ఈఎంఐ 27 వేలు దాటితే పిల్లల ఫీజుల మాటేంటి?

సీతమ్మధార: పాత గడువులోనే తేలాలంటే 27,606, నిజమే, భారమే. కానీ మధ్యే మార్గం ఉంది. 25,500 కడితే 275 నెలలకు తీరుతుంది. నెలకి 2,241 ఎక్కువ, అంతే, పద్నాలుగేళ్లకు పైగా తగ్గింది. అసలుకి వెళ్లేది 680 నుంచి 2,921కి పెరిగింది కాబట్టి ఇంత తేడా. ఈఎంఐ పెంచుకోవడమా, గడువు పెంచుకోవడమా, రెండూ కొంత కొంతా అన్నది మీ ఇష్టానికే వదలాలని 2023 ఆగస్టు 18న ఆర్బీఐ బ్యాంకులకు చెప్పింది. బ్రాంచిలో రాతపూర్వకంగా అడగండి.

గాజువాక ఉద్యోగి: 680 మాట చూసి గుండె ఆగినంత పనైంది. 25,500 కుదురుతుందేమో ఇంట్లో అడుగుతాను. రేటు మళ్లీ తగ్గితే దాన్ని వెనక్కి దించుతారా?

మధురవాడ వాసి: అదే నా భయం కూడా. పెంచినంత తేలిగ్గా తగ్గించరు. నేనైతే ఇప్పటికీ ముట్టుకోను.