అప్‌డేట్: అక్క పేరు మీదున్న బిల్లుతో కెమెరా అమ్మకం

నా ప్రశ్న: "అక్క బహుమతిగా ఇచ్చిన కెమెరా అమ్ముతున్నాను. బిల్లు తన పేరు మీద ఉంది. సరిపోతుందా?"

అమ్మేశాను. కొన్నాయన కెమెరా తిరగేసి, అడుగున ఉన్న సీరియల్ నంబర్‌ను బిల్లుతో ఒక్కో అంకె సరిచూసుకున్నారు. కాగితం బిల్లు థర్మల్ ప్రింట్ కావడంతో అక్షరాలు దాదాపు వెలిసిపోయాయి. అక్క ఈమెయిల్‌లో దాచిన కాపీయే ఆదుకుంది.

అయితే బిల్లు అక్క కొన్నదని మాత్రమే చెబుతుంది, నాకిచ్చిందని చెప్పదు. అందుకే మోడల్, సీరియల్ నంబర్, ఇచ్చిన తేదీ రాసి, బహుమతిగా ఇచ్చానని అక్క సంతకం చేసిచ్చింది. ఆయన టెన్షన్ అక్కడే తీరింది. లెన్స్‌కు వేరే నంబర్ ఉంటుంది కాబట్టి అదీ రాయించాను.

డబ్బు అందాక నంబర్లు, ధర, తేదీతో అమ్మకం రసీదు రాసుకుని ఇద్దరం సంతకాలు చేశాం. ఒక కాపీ నా దగ్గరే ఉంచుకున్నాను, ఆ తేదీ నుంచి కెమెరా నాది కాదనడానికి అదే ఆధారం.