వాల్వు మారిస్తే రెండు చిల్లుల పంక్చర్లు ఆగుతాయా?

చక్రధారి: నా సైకిలుకు 28 మిల్లీమీటర్ల టైర్లు, ప్రెస్టా వాల్వు ట్యూబులు ఉన్నాయి. వెనుక ట్యూబు తరచూ పంక్చర్ అవుతోంది. ప్రతిసారీ పక్కపక్కనే రెండు చిల్లులు ఉంటున్నాయి గానీ, టైరులో ముల్లు, గాజుపెంకు ఏవీ దొరకలేదు. పంపు మీటరు 80 పీఎస్‌ఐ చూపించేదాకా గాలి కొడుతున్నాను. రిమ్ము రంధ్రం పెద్దది చేయించి, మోటారు సైకిళ్లకు ఉండే ష్రేడర్ వాల్వుకు మారితే ఈ బాధ తప్పుతుందా?

సన్నటైరు: మారడమే మంచిదని నా అభిప్రాయం. ప్రెస్టా మీద నుంచి పంపు తల తీసేటప్పుడు బుస్సుమని గాలి పోతుంది. ఆ నష్టం పూడ్చడానికి నేను ఎప్పుడూ 10 పీఎస్‌ఐ ఎక్కువ కొడతాను. అప్పటి నుంచి పంక్చర్లు బాగా తగ్గాయి.

గొట్టంమీటరు: ఎక్కువ గాలి వల్ల పంక్చర్లు తగ్గాయన్న మాట నిజమే, కానీ ఆ బుస్సుమనే గాలి ట్యూబులోది కాదు, పంపు గొట్టంలో మిగిలినది. పంపు తల తీసిన క్షణంలోనే ప్రెస్టా వాల్వు లోపలి గాలి ఒత్తిడికి తనంతట తాను మూసుకుంటుంది.

చక్రధారి గారూ, మీరు చెప్పిన చిల్లులు టైరులో గాలి చాలనప్పుడు పడేవి. చక్రం గుంత అంచుకు తగలగానే మెత్తటి టైరు రిమ్ముదాకా అణిగిపోతుంది. మధ్యలో చిక్కిన ట్యూబు రిమ్ము రెండు అంచుల దగ్గరా నలిగి, పాము కోరలు దిగినట్టు జంట చిల్లులు పడతాయి. బరువు ఎక్కువగా వెనుక చక్రం మీదే పడుతుంది కనుక ముందు అదే దెబ్బతింటుంది.

మీటరు 80 చూపించినా గాలి ఎందుకు చాలలేదన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. మీటరు కొలిచేది పంపు గొట్టంలోని ఒత్తిడిని. ప్రెస్టా కొన మీది చిన్న నట్టు విప్పినా, లోపలి సీలు అంటుకుపోయి ఉంటే గాలి ట్యూబులోకి వెళ్లకుండా గొట్టంలోనే కుదించుకుపోతుంది. నట్టు విప్పాక కొనను వేలితో ఒకసారి నొక్కి, తుస్సుమన్న తర్వాతే పంపు తలలోని చిన్న రంధ్రాన్ని ఎక్కించండి. రబ్బరు వాల్వు కాడను పట్టుకునేదాకా లోపలికి దింపి, అప్పుడు మీట వేయండి. మొదటి పోటుకు సూది ఒక అంకెదాకా ఎగిరి, అక్కడి నుంచి ప్రతి పోటుకూ కొంచెం కొంచెంగా పెరిగితే వాల్వు తెరుచుకున్నట్టే. ఎగరడం ఆగిన ఆ అంకె, దాదాపుగా, అప్పటికే టైరులో ఉన్న ఒత్తిడి. టైరు మెత్తగానే ఉన్నా రెండు మూడు పోట్లకే సూది 80 చేరిందంటే వాల్వు తెరుచుకోలేదని అర్థం.

పాతసైకిలు: నా సైకిలు వాల్వులో చిన్న రబ్బరు తొడుగు ఉంటుంది. మీటరు ఎక్కువ చూపిస్తున్నా టైరు మెత్తగానే ఉంటోంది. నేనూ కొనను నొక్కాలా?

గొట్టంమీటరు: మీది డన్‌లప్ వాల్వు అమ్మా, దానికి నొక్కే కొన ఉండదు. పంపు తలలో ప్రెస్టా వైపు రంధ్రమే దానికీ సరిపోతుంది. అయితే ఆ తొడుగును తోసుకుని వెళ్లడానికే గాలికి కొంత ఒత్తిడి కావాలి. అందుకే మీటరు టైరులో ఉన్నదాని కంటే ఎక్కువ చూపిస్తుంది. టైరును బొటనవేలితో గట్టిగా నొక్కి చూసుకోండి. తొడుగు పగిలి ఉంటే మార్చండి.

చక్రధారి: చెప్పినట్టే చూశాను. నొక్కకముందు మూడు పోట్లకే సూది 80కి చేరింది. పంపు తీసి కొనను గట్టిగా నొక్కితే తుస్సుమంది. మళ్లీ తగిలిస్తే మొదటి పోటుకు 35 దగ్గర ఆగి, అక్కడి నుంచి మెల్లగా 80దాకా పెరిగింది. ఇన్నాళ్లూ 35తోనే తిరుగుతున్నానన్నమాట.

సన్నటైరు: వాల్వు అంటుకుపోయే గుణమే ప్రెస్టా లోపం కదా? ష్రేడర్‌లో పంపు తలలోని పిన్ను వాల్వు పిన్నును నొక్కుతుంది కనుక తగిలించగానే టైరు ఒత్తిడి తెలుస్తుంది. నేను వెడల్పు రిమ్ముకు రంధ్రం పెద్దది చేయించాను, ఏ ఇబ్బందీ రాలేదు.

గొట్టంమీటరు: తగిలించగానే తెలుస్తుందన్నది నిజం, అలా తెలియడానికి గొట్టంలోకి ట్యూబు గాలే కొంత పోతుందన్నదీ నిజం. కానీ 28 టైరుకు వాడే రిమ్ములు సన్నగా ఉంటాయి. ప్రెస్టా కాడ 6 మిల్లీమీటర్లు, ష్రేడర్ కాడ 8. సన్న రిమ్ములో అంత లోహం తొలిస్తే ఆ చోట బలం తగ్గుతుంది. పైగా రంధ్రం అంచు గరుకుగా మిగిలితే ట్యూబు వాల్వు మొదట్లోనే చిరుగుతుంది. వేలితో ఒక్కసారి నొక్కితే తీరిపోయే పనికి రిమ్మును తొలవమని నేను చెప్పను.

సన్నటైరు: అంచును ఆకురాయితో నున్నగా చేస్తే చాలు. సన్న రిమ్ములకు కూడా చేయించుకున్నవారిని చూశాను, కనుక ఈ విషయంలో మీతో ఏకీభవించలేను.

చక్రధారి: ప్రస్తుతానికి రిమ్ము జోలికి పోను. నా బరువు 62 కిలోలు. వెనుక 80 ఉంచితే చిన్న గతుకుకే సైకిలు ఎగిరిపడుతోంది. 70కి తగ్గించవచ్చా?

గొట్టంమీటరు: టైరు పక్కన ముద్రించిన కనిష్ఠానికి దిగువకు పోనంతవరకు తగ్గించవచ్చు. ఐదేసి పీఎస్‌ఐ చొప్పున దించుతూ వెళ్లండి. గుంతలో పడ్డప్పుడు రిమ్ము తగిలిన టక్కుమనే చప్పుడు వినిపిస్తే, వెంటనే మళ్లీ ఐదు పెంచండి.