జీరో క్రాసింగ్ దగ్గరే కోశాను, అయినా లూప్ టక్‌మంటోంది

కొత్తచెవి:
చెల్లో సాంపిల్ ఒకటి రికార్డ్ చేసుకున్నా. పై తీగని వేలు పెట్టకుండా లాగిన స్వరం, వైబ్రాటో లేదు, నాలుగు సెకన్లు, 44100 శాంపిల్ రేటు, మోనో. కీ నొక్కినంతసేపూ మోగాలంటే మధ్యలో లూప్ పెట్టాలి కదా. స్వరం 220 హెర్ట్జ్ కాబట్టి సరిగ్గా ఒక సెకను, అంటే 44100 శాంపిల్స్ తీసుకుంటే తరంగం చుట్లు 220 పూర్తిగా పడతాయని లెక్కేశా. రెండు చివరలూ తరంగం గీత సున్నాని దాటే చోటికి, అంటే జీరో క్రాసింగ్‌కి స్నాప్ చేశా. అయినా సెకనుకోసారి చిన్నగా టక్. సరే అని 50 మిల్లీసెకన్ల క్రాస్‌ఫేడ్ పెడితే టక్ పోయింది కానీ, అతుకు దగ్గర శబ్దం ఒక్క క్షణం సన్నబడి పై స్థాయి స్వరంలా వినిపిస్తోంది. రెండు రోజులుగా ఇదే గోల.

వానరికార్డు:
క్రాస్‌ఫేడ్ లీనియర్‌లో పెట్టి ఉంటారు. దాన్ని ఈక్వల్ పవర్‌కి మార్చండి. లీనియర్‌లో మధ్యలో వాల్యూమ్ పడిపోతుంది, అందరూ చేసే తప్పే ఇది. నేను వాన శబ్దాలన్నీ ఈక్వల్ పవర్‌తోనే లూప్ చేస్తా, అతుకు ఎక్కడుందో నాకే తెలియదు.

కొత్తచెవి:
మార్చి చూశానండీ. ఆ చోటు కొంచెం గట్టిగా వినిపిస్తోంది, కానీ సన్నబడటం అలాగే ఉంది.

బీట్‌పిచ్చి:
బ్రో, అసలు జీరో క్రాసింగే వద్దు. నా డ్రమ్ లూప్ 120 బీపీఎం, నాలుగు బీట్లు, 88200 శాంపిల్స్ రావాలి. జీరో కోసం చివర 30 శాంపిల్స్ జరిపా. వంద సార్లు తిరిగేసరికి 3000 శాంపిల్స్ తేడా, దాదాపు 68 మిల్లీసెకన్లు. మెట్రోనోమ్ ఒక దారి, డ్రమ్స్ ఒక దారి. ఇప్పుడు గ్రిడ్ మీదే కోసి, చివర రెండు మూడు మిల్లీసెకన్లు ఫేడ్ చేసి వదిలేస్తున్నా.

తీగలాగు:
డ్రమ్స్‌కి మీరు చేసింది కరెక్టే, అక్కడ పొడవుని టెంపో నిర్ణయిస్తుంది. ఇక్కడ అడిగింది నిలకడగా మోగే స్వరం గురించి. దీని పొడవుని స్వరమే నిర్ణయిస్తుంది.

కొత్తచెవి గారూ, ఒక్క పని చేయండి. లూప్ మొదలయ్యే చోట బాగా జూమ్ చేసి, ఒకే ఆకారం మళ్లీ మళ్లీ వచ్చే పది చుట్లు సెలెక్ట్ చేసి, ఎన్ని శాంపిల్స్ ఉన్నాయో చెప్పండి. అలాగే మొదట్లో గీత జీరోని ఏ వైపు దాటుతోందో, చివర్లో ఏ వైపు దాటుతోందో కూడా చూడండి.

కొత్తచెవి:
పది చుట్లు 2000 శాంపిల్స్. మొదట్లో గీత కింద నుంచి పైకి వెళ్తోంది. చివర్లో... పై నుంచి కిందికి దిగుతోంది. ఇది నేను చూసుకోలేదు.

తీగలాగు:
అదే సంగతి. చుట్టుకి 200 శాంపిల్స్ అంటే మీ స్వరం 220 కాదు, 220.5 హెర్ట్జ్. తీగ కాస్త ఎక్కువ బిగిసింది, చెవికి దాదాపు తెలియనంత. కానీ సెకనులో 220న్నర చుట్లు పడ్డాయి. ఆ అర చుట్టే మీ రెండు సమస్యలకీ మూలం.

టక్ ఎందుకంటే, చివర్లో గీత గుట్ట దిగి జీరోకి వచ్చింది, లూప్ మొదటికి దూకగానే మళ్లీ గుట్ట ఎక్కింది. గుట్ట పక్కనే గుట్ట, మధ్యలో రావాల్సిన లోయ లేదు. విలువ రెండు చోట్లా సున్నానే, కాబట్టి పెద్ద చప్పుడు రాదు. కానీ వాలు ఉన్నట్టుండి తిరగబడింది కాబట్టి ఆ మూల చిన్న టక్‌గా వినిపిస్తుంది. జీరోలో కోస్తే చాలనుకునేవాళ్లందరికీ ఎప్పుడో ఒకప్పుడు తగిలే దెబ్బే ఇది.

ఇక క్రాస్‌ఫేడ్. లూప్‌లోని ఆఖరి 50 మిల్లీసెకన్లు తగ్గుతూ ఉంటే, లూప్ మొదటికి ముందున్న 50 మిల్లీసెకన్లు పెరుగుతూ వస్తాయి. ఆ రెండు ముక్కల మధ్య దూరం ఎప్పుడూ లూప్ పొడవే. పొడవు అర చుట్టు తప్పితే ఒకదాని గుట్ట మీద ఇంకోదాని లోయ పడుతుంది. సరిగ్గా మధ్యలో ఇద్దరూ సమానం కాబట్టి మూల స్వరం, దాని బేసి హార్మోనిక్స్ కొట్టుకుపోతాయి, సరి హార్మోనిక్స్ మాత్రం మిగులుతాయి. మీకు వినిపించిన ఆ సన్నటి పై స్వరం అదే. ఫేడ్ గీత ఏ ఆకారంలో ఉన్నా అది పోదు.

చివరని 100 శాంపిల్స్ వెనక్కి జరపండి. 44000 అవుతుంది, సరిగ్గా 220 చుట్లు.

నిశ్శబ్దం:
నాదీ చిన్న ప్రశ్న. నా సాంప్లర్‌లో క్రాస్‌ఫేడ్ 50 పెడితే 12 దగ్గరే ఆగిపోతోంది. బగ్గా?

తీగలాగు:
లూప్ మొదటికి ముందు ఎంత ఆడియో ఉంది? అనవసరమని కోసేసి ఉంటారు. ఫేడ్‌కి కావలసిన ముక్క అక్కడి నుంచే వస్తుంది.

నిశ్శబ్దం:
అబ్బా. అవును, కోసేశా.

కొత్తచెవి:
44000 పెట్టా. క్రాస్‌ఫేడ్ లేకుండానే టక్ దాదాపు పోయింది! ఫేడ్ పెడితే సన్నబడటం కూడా లేదు. కానీ ఈక్వల్ పవర్ అలాగే ఉండిపోయింది, అతుకు దగ్గర కొంచెం ఉబ్బుతోంది.

తీగలాగు:
ఇప్పుడు లీనియర్‌కి రండి. రెండు ముక్కలూ ఒకే ఆకారంలో, ఒకే దశలో ఉన్నప్పుడు నేరుగా కూడతాయి. ఈక్వల్ పవర్‌లో మధ్యలో ఒక్కొక్కటీ 0.707, రెండూ కలిస్తే 1.41, అంటే 3 డీబీ ఉబ్బు. వాన లాంటి శబ్దంలో రెండు ముక్కలకీ పోలిక ఉండదు, అక్కడ లీనియర్ పెడితేనే 3 డీబీ పడిపోతుంది. కాబట్టి వానరికార్డు గారి అలవాటు ఆయన శబ్దాలకి సరైనదే.

వానరికార్డు:
ఒప్పుకుంటా, నేను స్వరాలు లూప్ చేసింది తక్కువ. కానీ చుట్ల లెక్క సరిపోయాక జీరో క్రాసింగ్ చూడాల్సిన పనే లేదంటారా?

తీగలాగు:
క్రాస్‌ఫేడ్ ఉంటే నేనైతే చూడను. లేకపోతే చూస్తా, ఎందుకంటే లెక్కలో ఒకటి రెండు శాంపిల్స్ తప్పినా జీరో దగ్గర, రెండు చివరలూ ఒకే వైపు దాటేలా ఉంటే, రెండు వైపుల ఆకారం పోల్చి చూడటం తేలిక. పది చుట్ల కొలతలో ఒక్క శాంపిల్ తప్పు చదివినా 220 చుట్లకి అది 22 అవుతుంది. అందుకే లెక్క దగ్గరికి తీసుకెళ్తుంది, చివరి సర్దుబాటు కంటితోనే. చెల్లోలో ఒక్క చుట్టులోనే గీత జీరోని చాలాసార్లు దాటుతుంది కాబట్టి స్నాప్ బటన్‌ని గుడ్డిగా నమ్మకండి. స్టీరియో అయితే ఎడమ ఛానల్ జీరోలో ఉన్నప్పుడు కుడి ఛానల్ ఎక్కడో ఉంటుంది, ఇక ఫేడే దిక్కు.

కొత్తచెవి:
లీనియర్‌తో ఉబ్బు పోయింది. ఇంకొక్కటి మిగిలింది. కళ్లు మూసుకుని వింటే సెకనుకోసారి శబ్దం కొద్దిగా ఊగుతోంది. లూప్ చివర మొదటికన్నా ఒకటిన్నర డీబీ తక్కువుంది.

బీట్‌పిచ్చి:
లూప్ చిన్నది చేసేయ్ బ్రో, 2000 శాంపిల్స్ చాలు.

తీగలాగు:
అంత చిన్నదైతే ఊగదు కానీ, విల్లు రాపిడి శబ్దం కూడా సెకనుకి 22 సార్లు తిరిగి గరగరలా తగులుతుంది. నేనైతే ముందు ఆ ఒకటిన్నర డీబీ వాల్యూమ్ గీతతో సమం చేసి, తర్వాతే లూప్ పెడతా.

వానరికార్డు:
నేనైతే ఫేడ్‌నే 400 మిల్లీసెకన్లకి లాగుతా. ఊపు అందులో కరిగిపోతుంది.

తీగలాగు:
ఆ 400లో విల్లు ఒత్తిడి మారి స్వరం కాస్త కదిలితే దశ మళ్లీ తప్పుతుంది. కదలకపోతే మీదే సులువు. రెండూ చేసి ఫైల్ పెట్టండి కొత్తచెవి గారూ, విందాం.

కొత్తచెవి:
రాత్రికి పెడతా. పక్క స్వరం ఒకటి వైబ్రాటోతో ఉంది, దాన్ని తలుచుకుంటే ఇప్పటి నుంచే టెన్షన్.