ఘేర్ అంటే కుచ్చులేనా?

వానచినుకు: ఒక్క మాట వల్ల నా లంగా పాడైంది, అందుకే ఇక్కడ అడుగుతున్నాను. వచ్చే నెల పిన్ని కూతురి పెళ్ళి. ముందు రోజు సాయంత్రం మెహెందీ, ఆ రాత్రే సంగీత్. మా కజిన్స్ ఆరుగురం డాన్స్ చేయాలి. పూలపూల గుడ్డ 5 మీటర్లు తీసుకుని దర్జీకి ఇచ్చి, "ఘేర్ బాగా రావాలండీ, తిరిగితే గొడుగులా విచ్చుకోవాలి" అన్నాను. ఆయన "అంటే కుచ్చులు ఎక్కువ పెట్టాలి, అంతేగా" అన్నారు. అవునన్నాను. ఇప్పుడు కట్టుకుంటే నడుము చుట్టూ దిండు కట్టుకున్నట్టుంది. రెండు చుట్లు తిరిగేసరికి బరువుకి కిందికి జారుతోంది. తిరిగినప్పుడు విచ్చుకోకుండా పొట్లంలా కాళ్ళకు చుట్టుకుంటోంది. ఘేర్‌కి తెలుగులో మాట ఏమిటి? నేను ఏమని చెప్పి ఉంటే ఆయనకు సరిగ్గా అర్థమయ్యేది?

పాతఛందస్సు: సంగీతం వినడానికి వెళ్తూ గిరగిరా తిరగడం ఎందుకు తల్లీ? కచేరీకి పట్టు చీర కట్టుకుని నిమ్మళంగా కూర్చుంటే సరిపోదా?

వానచినుకు: తాతగారూ, సంగీతం కాదండీ, సంగీత్. కూర్చోనివ్వరు.

పాతఛందస్సు: ఓహో, అదా. చివర సున్నా పోగానే సభికులంతా లేచి నిలబడ్డారన్నమాట. కానివ్వండి.

తెల్లకాగితం: ఘేర్ హిందీ మాట. ఘేర్‌నా అంటే చుట్టుముట్టడం. పేపర్లో రాసే ఘెరావ్ కూడా అందులోంచి వచ్చిందే. లంగాలో నడుము చుట్టూ ఉండేవి కుచ్చులే కదా! కాబట్టి ఘేర్ అంటే తెలుగులో కుచ్చులు. ఎన్ని ఎక్కువ పెడితే అంత ఘేర్. మీ దర్జీ మాట తప్పేమీ కాదు, బహుశా కుట్టడం సరిగ్గా రాలేదేమో.

కత్తెర: తెల్లకాగితం గారూ, మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో మీరు చెప్పింది నిజం. అర్థం దగ్గరే జారారు. చుట్టుముట్టేది కింది అంచు. ఘేర్ అంటే లంగాని నేల మీద పరిస్తే కింది అంచు చుట్టూ ఎంత కొలత వస్తుందో అది. కుచ్చులు నడుము దగ్గర పని. రెండూ లంగాకి రెండు కొసలు. ఈ గందరగోళం వల్ల నా మిషన్ దగ్గరికి విప్పి కుట్టడానికి వచ్చిన లంగాలు చాలానే ఉన్నాయి.

అమ్మాయ్ వానచినుకూ, నీ నడుము 30 అంగుళాలు అనుకుందాం. 5 మీటర్ల గుడ్డ అంటే దాదాపు 197 అంగుళాలు. అదంతా 30 అంగుళాల్లోకి దోపారు. అంటే నడుము మీద ప్రతి అంగుళంలోనూ ఆరున్నర అంగుళాల గుడ్డ మడతపడి ఉంది. లోపల లైనింగ్ కూడా అలాగే కుచ్చి ఉంటే పదమూడు. దిండు అన్నావే, అది అదే. ఇక అంత గుడ్డా నడుము నుంచి తిన్నగా కిందికి వేలాడుతుంది. నువ్వు తిరిగితే ముందు ఆ మడతలు విడిపోవాలి, ఆ తర్వాత కదా లేచేది. పాట అయిపోతుంది.

నువ్వు చెప్పాల్సింది "కలీలు వేసి కుట్టండి, కింద చుట్టుకొలత ఇంత రావాలి, నడుము దగ్గర కుచ్చు వద్దు" అని. కలీ అంటే పైన సన్నంగా, కింద వెడల్పుగా కోసిన ముక్క. నీకు ఆరు కలీలు చాలు. ఒక్కోటి పైన 5 అంగుళాలు, కింద 25. నడుము దగ్గర 30 వస్తుంది, కింద 150, అంటే 3.8 మీటర్లు. నీ 5 మీటర్ల కంటే తక్కువే. కానీ ఆ గుడ్డ నడుము నుంచే ఏటవాలుగా విప్పారి ఉంటుంది కాబట్టి కొంచెం తిరిగినా లేస్తుంది. బరువు సగానికి సగం తగ్గుతుంది.

తెల్లకాగితం: ఒప్పుకుంటున్నాను. అయితే మా అమ్మ లంగాలన్నీ కుచ్చులవే, ఆవిడ చిన్నప్పుడు వాటితోనే కోలాటం ఆడేది. అది ఎలా?

కత్తెర: పాత లంగాలకి సాధారణంగా ఇంత గుడ్డ పట్టేది కాదు. చాలావాటికి లైనింగూ ఉండేది కాదు. పైగా కోలాటంలో అడుగులు ముందుకీ వెనక్కీ ఎక్కువ, ఒకేచోట గిరగిరా తిరగడం తక్కువ. కుచ్చుల లంగా చెడ్డదని నేను అనను, 5 మీటర్లు కుచ్చడమే చెడ్డ.

మూడోబెంచి: నాది ఒక ప్రశ్న, ఆడవాళ్ళ మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నాకూ ఒక సంగీత్ ఉంది. మోకాళ్ళ కింది దాకా ఉండే కుర్తా కొన్నాను. స్టెప్ వేస్తే పక్కన పర్రున చిరిగింది. కుర్తాకి కూడా ఘేర్ ఉంటుందా?

కత్తెర: ఉంటుంది బాబూ. తిన్నగా కోసిన కుర్తాకి ఘేర్ తక్కువ కాబట్టే పక్కల చీలిక పెడతారు. అంగ వేసినప్పుడు ఆ చీలికే చోటిస్తుంది. చీలిక తొడ మధ్య దాకా రావాలి, నీది మోకాలి దగ్గరే ఆగి ఉంటుంది. ఇంకొక రెండు గుప్పిళ్ళు పైకి విప్పించి, చీలిక మొదలయ్యేచోట రెండుసార్లు అడ్డంగా కుట్టించుకో. చిరిగేది ఎప్పుడూ అక్కడే.

మూడోబెంచి: చీలిక కదా, నేను తెలుగులో స్లిట్ అనే అంటూ వచ్చాను. థాంక్సండీ అక్కా.

వానచినుకు: కత్తెర గారూ, ఇప్పుడున్న లంగాని బాగుచేసుకోవచ్చా? కొత్త గుడ్డ కొనే ఓపిక లేదు.

కత్తెర: ముందు రెండు సంగతులు చెప్పు. బోర్డరు గుడ్డలోనే నేసి ఉందా, విడిగా కుట్టారా? పూలన్నీ ఒకే వైపు తలెత్తి ఉన్నాయా, అటూ ఇటూ చెదిరి ఉన్నాయా?

వానచినుకు: బోర్డరు విడిగా కుట్టినదే, 3 అంగుళాలు. పూలు చిన్నవి, చెదిరి ఉన్నాయి. ఎందుకు?

కత్తెర: అయితే నీ అదృష్టం. కలీలు కోసేటప్పుడు గుడ్డ వృథా కాకుండా ఒకటి నిలువుగా, పక్కది తలకిందులుగా పెట్టి కోస్తాం. నేసిన బోర్డరైతే సగం కలీలకి అది నడుము దగ్గరికి పోతుంది. ఒకే వైపు చూసే నెమళ్ళో ఏనుగులో ఉంటే సగం తలకిందులవుతాయి. నీకు ఆ బాధ లేదు.

కుచ్చులన్నీ విప్పించు, ఇస్త్రీ చేయించు. అప్పుడది ఒక పొడుగాటి పట్టీలా ఉంటుంది. అందులో ఆరు కలీలు కోస్తే కుట్ల లోపలి గుడ్డతో కలిపి 110 అంగుళాల లోపే పోతుంది. మిగిలినదాంట్లో ఒక జాకెట్ కూడా వస్తుంది. కానీ మూడు చోట్ల జాగ్రత్తగా ఉండాలి.

ఒకటి, కుచ్చుల లంగాని వదులు చేసి తొడుక్కుని బొందు లాగి కట్టుకుంటాం. కలీల లంగా నడుముకి సరిగ్గా ఉంటుంది, తుంటి దాటి పైకి రాదు. అందుకని పక్కన 8 అంగుళాల జిప్ పెట్టించాలి. మొదటిసారి కుట్టేవాళ్ళు ఇది మర్చిపోతారు, తొడుక్కునే రోజున ఏడుపొస్తుంది. నడుము పట్టీ రెండు అంగుళాల వెడల్పు ఉండాలి, హుక్కూ ఉండాలి, దాంట్లో బొందూ ఉండాలి. హుక్కు ఊడితే బొందు ఆపుతుంది.

రెండు, ఏటవాలుగా కోసిన గుడ్డ వేలాడితే సాగుతుంది. కుట్టిన వెంటనే కింది అంచు మడవకూడదు. ఒక రాత్రంతా హ్యాంగర్‌కి వేలాడదీసి, పొద్దున సాగినచోట కత్తిరించి అప్పుడు మడవాలి. లేదంటే పెళ్ళి రోజుకి ఒక పక్క పొడుగు, ఒక పక్క పొట్టి.

మూడు, తిన్నని బోర్డరుని వంపు అంచు మీద కుడితే పైవైపు ముడతలు పడుతుంది. ఎందుకంటే 3 అంగుళాలు పైకి వెళ్ళేసరికి చుట్టు దాదాపు 9 అంగుళాలు తగ్గిపోతుంది. కలీలు కలిసే ఆరు చోట్లా బోర్డరు పై అంచులో ఒక్కో అంగుళంన్నర చొప్పున సన్నగా మడిచేస్తే అద్దంలా కూర్చుంటుంది.

వానచినుకు: పొడుగు ఎంత ఉండాలి? కాళ్ళు కనిపిస్తే అత్తయ్యలు ఊరుకోరు.

కత్తెర: ఆ రోజు వేసుకునే చెప్పులతోనే కొలతలివ్వు. నేలకి అంగుళంన్నర పైకి. పరీక్ష సులువు, వెనక్కి నాలుగు అడుగులు వేసి చూడు. ముందుకి నడిచేటప్పటికంటే వెనక్కి వేసేటప్పుడే లంగా మీద మడమ ఎక్కువగా పడుతుంది. అలాగే చేతులు రెండూ పైకెత్తు. జాకెట్ కూడా పైకి లేచిపోతే చంక కిందికి దిగి ఉందని అర్థం. చాలామంది వదులు కోసం చంక పెద్దది చేయమంటారు, అది తప్పు. చంక పైకి, ఒంటికి దగ్గరగా ఉంటేనే చెయ్యి ఒక్కటే లేస్తుంది, జాకెట్ కదలదు.

నూలుపోగు: మెహెందీ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. మా వదిన వాళ్ళింట్లో నేను రెండు చేతులకీ మోచేతి దాకా పెట్టించుకున్నాను. తర్వాత ఓణీ జారింది. పట్టుకోవడానికి చేతుల్లేవు! పక్కన కూర్చున్న పెద్దావిడ వచ్చి కొంగు లాగి నడుములో దోపి, "ముందే బిగించుకోవాలి కదే" అంది. అప్పటికే లేత గులాబీ ఓణీ మీద రెండు మరకలు. ఉతికినా పోలేదు.

కత్తెర: ఆ పెద్దావిడ మాటే మందు. ఓణీని భుజం మీద జాకెట్‌కి లోపలివైపు నుంచి పిన్ను పెట్టి, రెండో కొస వెనక నుంచి తెచ్చి ఎడమ నడుము దగ్గర పట్టీకే కుట్టించేసుకోవచ్చు. వానచినుకూ, రెండూ ఒకే రోజు అన్నావు కాబట్టి జాకెట్ చేతులు మోచేతికి పైనే ఆపించు. బాత్రూంకి వెళ్ళాలంటే జిప్ తీయడానికి ఎవరో ఒకరు కావాలి, ఎవరో ముందే మాట్లాడుకో.

తెల్లకాగితం: అన్నీ బాగున్నాయి కానీ అసలు ప్రశ్న మిగిలిపోయింది. ఘేర్‌కి తెలుగు మాట? "అంచు చుట్టు" అందామా?

పాతఛందస్సు: చుట్టు చాలు. "లంగా చుట్టు ఎంత" అంటే ఎవరికైనా తెలుస్తుంది. పైగా కుచ్చిళ్ళు, కుచ్చులు అని కలిపేస్తుంటారు కొందరు. చీరకు కుచ్చిళ్ళు, లంగాకు కుచ్చులు. మా ఇంట్లో అలాగే అనేవారు.

నూలుపోగు: మా ఇంట్లో రెంటికీ కుచ్చిళ్ళే అంటారు తాతగారూ.

కత్తెర: "చుట్టు" అంటే మా దగ్గర నడుము కొలత రాసేస్తారు. ముప్పై అంగుళాల చుట్టుతో లంగా కుట్టిస్తే నడవడమే కుదరదు. నేనైతే ఘేరు అనే రాస్తాను, చివర ఉకారం తగిలించి.

పాతఛందస్సు: సంగీతానికి సున్నా తీసేశారు, ఘేర్‌కి ఉకారం ఇచ్చారు. లెక్క సరిపోయింది.

వానచినుకు: దర్జీకి ఫోన్ చేశాను. "కలీలు" అనగానే "అలా చెప్పాలి కదమ్మా మొదట్లోనే" అన్నారు. విప్పడానికి రెండు రోజులు అడిగారు. హ్యాంగర్‌కి వేలాడదీసే సంగతి చెబితే మాత్రం నవ్వారు. లంగాని అంచు మడవకుండా ఇంటికి తెచ్చుకుని, ఆ రాత్రి నేనే వేలాడదీస్తాను.