రెజ్యూమెల 'రెస్పాన్సిబుల్ ఫర్' తీసేస్తే దాని జాగల ఏం రాయాలె?

మిర్యాలగూడ పోరడు: రైస్ మిల్లుల మూడేండ్ల సంది స్టోర్, లెక్కలు చూస్తున్న, ఇప్పుడు హైదరాబాద్ల గోదాం ఉద్యోగానికి అప్లై చేస్తున్న. ఐదు లైన్లుంటే నాలుగు 'రెస్పాన్సిబుల్ ఫర్' తోనే మొదలైనయ్. "రెస్పాన్సిబుల్ ఫర్ ప్యాడీ స్టాక్ అండ్ రికార్డ్స్" అని ఉంది, ఇది ఎట్ల మార్చాలె?

దేవరకొండ డిగ్రీ: 'రెస్పాన్సిబుల్' అస్సలు వద్దు తమ్మీ. 'స్పియర్‌హెడెడ్', 'ఆర్కెస్ట్రేటెడ్' పెట్టు, నేను అన్ని లైన్లు గట్లనే మార్చిన.

పాలమూరు అక్క: తీసెయ్యాలన్నది కరెక్టే గని ఆ మాటలు వద్దు. నేను చానా ఏండ్లు ఇంటర్వ్యూలు తీసుకున్న, ఒక పిల్లగాడు 'ఆర్కెస్ట్రేటెడ్ డిస్పాచ్' అని రాస్తే ఏం చేసినవ్ అని అడిగిన, లారీ నంబర్లు రాసుకున్న అన్నడు. రాసుకునుడు మంచి పనే, గా మాటతోటి పాపం చిన్నగ అయిపోయిండు. తమ్మీ, లారీ వచ్చినంక నువ్వేం చేస్తవో ఇక్కడ చెప్పు, ఇంగ్లీష్ గురించి ఆలోచించకు.

మిర్యాలగూడ పోరడు: కాంటా మీద ఎక్కిస్తరు, తూకం చిట్టీ నేను తీసుకుంట, మీటర్ పెట్టి వడ్ల తేమ చూస్త, 17 శాతం దాటితే ఓనర్‌కు చెప్త, దించుడా వద్దా ఆయననే చెప్తడు, పొద్దుగూకినంక చిట్టీలన్నీ రిజిస్టర్‌తోని సరిజూసి ట్యాలీల ఎక్కిస్త.

పాలమూరు అక్క: ఇగో, అన్నీ నీ నోట్లకెల్లే వచ్చినయ్. తేమ చూసుడు 'టెస్ట్', ఓనర్‌కు చెప్పుడు 'రిపోర్ట్', చిట్టీలు సరిజూసుడు 'రీకన్సైల్'. "టెస్ట్ మాయిశ్చర్ ఇన్ ఇన్‌కమింగ్ ప్యాడీ అండ్ రిపోర్ట్ లోడ్స్ అబవ్ 17 పర్సెంట్ టు ద ఓనర్" అని రాయి. 'రిజెక్ట్' అని మాత్రం రాయకు, ఆ మాట ఓనర్‌ది. ఇప్పుడు కూడా అదే పనిల ఉన్నవు కాబట్టి 'టెస్టెడ్' కాదు 'టెస్ట్', పాత ఉద్యోగానికైతే 'టెస్టెడ్'. అన్నిటికీ 'మేనేజ్డ్' పెట్టినా 'రెస్పాన్సిబుల్' లెక్కనే అయితది, ఏం చేసినవో తెల్వది. రాసినంక పైకి చదువు, మిల్లుల నీ పక్కన పనిచేసేటోడు విని అవును గిదే చేస్తడు అనాలె.

సూర్యాపేట టీచర్: నేను తెలుగుల దరఖాస్తు రాస్తున్న, "తరగతి బాధ్యతలు నిర్వహించాను" అనొచ్చా?

పాలమూరు అక్క: అదీ గంతే మేడం. "ఏడో తరగతికి లెక్కలు చెప్పాను, వెనుకబడ్డ పిల్లలకు సాయంత్రం క్లాసు తీసుకున్నాను", ఇట్లయితే మీరు కనిపిస్తరు.

నాగర్‌కర్నూల్ అన్న: ఒకటి చెప్త, ప్రకటనల 'ఇన్వెంటరీ' అని ఉంటే ఆ మాట ఎక్కడన్న ఉండాలె, కొన్ని కంపెనీలల్ల రెజ్యూమెలను మాటలు వెతికే సాఫ్ట్‌వేర్ చూస్తది. "రీకన్సైల్ ఇన్వెంటరీ రికార్డ్స్" అంటే రెండూ అయితయ్.

మిర్యాలగూడ పోరడు: మార్చిన అక్కా. ఒక్కటి ఆగింది, గన్నీ సంచుల రూం తాళాలు నా దగ్గరనే ఉంటయ్, సంచి తక్కువైతే నేనే జవాబు చెప్పాలె. దానికి క్రియ ఏంది?

పాలమూరు అక్క: గది నిజంగ బాధ్యతనే, నేనైతే ఆ ఒక్క లైన్ల 'రెస్పాన్సిబుల్ ఫర్' ఉంచుత.

నాగర్‌కర్నూల్ అన్న: నేనైతే "హోల్డ్ కీస్ టు గన్నీ స్టోర్ అండ్ కౌంట్ బ్యాగ్స్" అంట. లెక్క రోజు వెడ్తవా, వారానికోసారా?

మిర్యాలగూడ పోరడు: సీజన్ల రోజు, తర్వాత వారానికోసారి.